వాలు −0.96 వస్తే: కటక నాభ్యంతరం గ్రాఫు చెప్పే రెండో సంగతి

గోదావరి డెల్టాలో ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్ ఉన్న కాలేజీల్లో కుంభాకార కటకం ప్రయోగం సాధారణంగా కిటికీ దగ్గరే మొదలవుతుంది. కాలువ అవతలి గట్టు మీది కొబ్బరిచెట్టు ప్రతిబింబం తెల్లకాగితం మీద తలకిందులుగా, స్పష్టంగా పడేదాకా కటకాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతారు. కటకానికీ కాగితానికీ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి, అదే ఉజ్జాయింపు నాభ్యంతరం అని రికార్డులో రాస్తారు. ఆ మాట చాలావరకు నిజమే. నాభ్యంతరం 20 సెంటీమీటర్లున్న కటకానికి చెట్టు 40 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిబింబం 20.1 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది, తేడా ఒక్క మిల్లీమీటరే. చెట్టుకు బదులు గదిలోనే 4 మీటర్ల దూరంలో ఉన్న కిటికీ ఊచలను తీసుకుంటే మాత్రం 21 సెంటీమీటర్లు దాటుతుంది. 

ఆ తర్వాత అసలు ప్రయోగం. ఆప్టికల్ బెంచ్ మీద వస్తువు, కటకం, తెర వరసగా నిలబెట్టి, వస్తు దూరం u మారుస్తూ ప్రతిబింబ దూరం v కొలవడం, 1/u అడ్డ అక్షం మీదా 1/v నిలువు అక్షం మీదా పెట్టి గ్రాఫు గీయడం. నాభ్యంతరాన్ని f అని రాసి, దూరాలన్నిటినీ ధన సంఖ్యలుగానే తీసుకుంటే కటక సూత్రం ఇలా ఉంటుంది:

```
1/v = 1/f − 1/u
```

ఇది వాలు −1 ఉన్న సరళరేఖ. రెండు అక్షాలనూ 1/f దగ్గరే ఖండించాలి. రికార్డుల్లో ఎక్కువమంది నిలువు అక్షం మీది అంతరఖండం చదివి, దాన్ని తిరగేసి f రాసి ముగిస్తారు. వాలు సంగతి ఎవరూ అడగరు. ఎంత రావాలో ముందే తెలిసిన సంఖ్య కాబట్టి దాన్ని లెక్కించడం వృథా శ్రమ అనిపిస్తుంది. నిజానికి ఈ గ్రాఫులో అన్నిటికన్నా విలువైనది ఆ వాలే. ఎంత రావాలో ముందే తెలుసు గనకనే, బెంచ్ మీద ఏదైనా తేడా ఉంటే అది వెంటనే బయటపెడుతుంది. అంతరఖండానికి ఆ గుణం లేదు. f ఎంతో తెలియకనే కదా ప్రయోగం చేస్తున్నాం.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. కటకం నాభ్యంతరం సరిగ్గా 20.0 సెంటీమీటర్లు అనుకుందాం. వస్తువు ఎల్‌ఈడీ దీపం ముందు బిగించిన ఇనుప జాలీ. ఫ్యాను గాలికి ఊగే కొవ్వొత్తి మంటకన్నా ఇదే మేలు, జాలీ తీగల అంచు తెర మీద తేటగా కనిపిస్తుంది. కటకం స్టాండులో ఒక లోపం ఉంది: స్కేలు మీద చదివే గుర్తు, కటకం అసలు కేంద్రం కన్నా 4 మిల్లీమీటర్లు వస్తువు వైపుకి జరిగి ఉంది. పాత స్టాండుల్లో కటకాన్ని పట్టే వలయం కొద్దిగా వంగినా, మర ఒక పక్కకి బిగిసినా ఇంత తేడా వచ్చేస్తుంది. కంటికి ఆనదు. చదివిన కొలతలు, వాటి వ్యుత్క్రమాలు ఇవి. వ్యుత్క్రమాలు డయాప్టర్లలో ఉన్నాయి, అంటే మీటర్లలోకి మార్చి తిరగేసినవి. కళ్లద్దాల పవరు చెప్పే లెక్కే ఇది.

| u (సెం.మీ.) | v (సెం.మీ.) | 1/u | 1/v | రెండిటి మొత్తం |
|---|---|---|---|---|
| 25.0 | 94.5 | 4.000 | 1.058 | 5.058 |
| 30.0 | 58.7 | 3.333 | 1.704 | 5.037 |
| 35.0 | 46.5 | 2.857 | 2.151 | 5.008 |
| 40.0 | 40.0 | 2.500 | 2.500 | 5.000 |
| 50.0 | 33.5 | 2.000 | 2.985 | 4.985 |
| 60.0 | 30.4 | 1.667 | 3.289 | 4.956 |
| 80.0 | 27.0 | 1.250 | 3.704 | 4.954 |

డయాప్టర్లలో రాయడానికి కారణం ఉంది. సెంటీమీటర్లలోనే ఉంచితే 1/94.5 విలువ 0.01058 అవుతుంది. రెండు దశాంశ స్థానాలకు కుదించే అలవాటున్న చేయి దాన్ని 0.01 అని రాసేస్తుంది, 1/27 విలువ 0.04 అవుతుంది. అక్కడితో మిల్లీమీటరు దాకా జాగ్రత్తగా చదివిన కొలతలన్నీ గంగపాలు. డయాప్టర్లలో మూడు దశాంశాలు రాస్తే ఆ చిక్కు రాదు.

ఈ ఏడు బిందువులనూ గ్రాఫు కాగితం మీద పెడితే చక్కటి సరళరేఖ మీద కూర్చుంటాయి. వంక పెట్టడానికి ఏమీ కనిపించదు. స్ప్రెడ్‌షీట్‌లో 1/u విలువలు B నిలువు వరసలో, 1/v విలువలు C వరసలో ఉంటే ఈ ఒక్క ఆదేశం చాలు:

```
=LINEST(C2:C8, B2:B8, TRUE, TRUE)
```

జవాబులో మొదటి అడ్డ వరసలో వాలు, అంతరఖండం వస్తాయి, రెండో వరసలో వాటి అనిశ్చితులు. ఇక్కడ వాలు −0.960, దాని అనిశ్చితి 0.003. నిలువు అక్షం మీది అంతరఖండం 4.899, దాని అనిశ్చితి 0.007. తిరగేస్తే నాభ్యంతరం 20.41 సెంటీమీటర్లు. అంతరఖండంలోని అనిశ్చితిని f లోకి మార్చాలంటే f వర్గంతో గుణించాలి: 0.204 మీటర్ల వర్గం సుమారు 0.0417, దాన్ని 0.007 తో గుణిస్తే 0.0003 మీటర్లు, అంటే 0.03 సెంటీమీటర్లు. ఇక రికార్డులో 20.41 ± 0.03 అని ఎక్కుతుంది.

అసలు విలువ 20.0. చెప్పుకున్న అనిశ్చితికి పది రెట్లకు మించిన దూరంలో ఉంది జవాబు. లెక్కలో పొరపాటేమీ లేదు, అంకెలన్నీ సరైనవే. ఆ ± 0.03 చెప్పేది బిందువులు రేఖ నుంచి ఎంత చెదిరాయన్నదొక్కటే. అన్ని కొలతల్నీ ఒకే వైపుకి నెట్టే లోపం బిందువుల్ని చెదరగొట్టదు. అందుకే అది ఆ అంకెలోకి రానే రాదు.

కిటికీ దగ్గరి కొబ్బరిచెట్టు పద్ధతిని ఇదే స్టాండుతో బెంచ్ మీద చేసి ఉంటే మోసం మరింత ముదురుతుంది. నిలువు అక్షం మీది అంతరఖండం అంటే 1/u సున్నా అయిన చోటు, అంటే వస్తువు అనంత దూరాన ఉన్న స్థితి. చెట్టుతో కొలిచినదీ ఇంచుమించు అదే. ఆ కొలతలోనూ గుర్తు 4 మిల్లీమీటర్లు పక్కకి ఉంటుంది గనక 20.5 అని వస్తుంది. గ్రాఫు 20.41 అంటోంది, చెట్టు 20.5 అంటోంది, రెండూ కలిశాయి కాబట్టి సరే అనుకుంటారు. రెండింటిలోనూ ఉన్నది ఒకే లోపం. కలవక ఏం చేస్తాయి?

ఇప్పుడు వాలు దగ్గరికి వద్దాం. −1 రావలసిన చోట −0.960 వచ్చింది. తేడా 0.040, అనిశ్చితి 0.003. తేడా అనిశ్చితికి రెండు రెట్ల లోపు ఉంటే యాదృచ్ఛికం అనుకోవచ్చు. పది రెట్లు దాటితే ఆ మాట చెల్లదు. బెంచ్ మీద ఏదో ఒకటి క్రమంగా తప్పుతోంది. ఎంత తప్పుతోందో కూడా ఈ సంఖ్యలోనే ఉంది.

గుర్తు δ అంత దూరం వస్తువు వైపు జరిగి ఉంటే, చదివే u అసలుకన్నా δ తక్కువ, చదివే v అసలుకన్నా δ ఎక్కువ. δ చిన్నదైనప్పుడు 1/u విలువ δ/u² అంత పెరుగుతుంది, 1/v విలువ δ/v² అంత తగ్గుతుంది. రెండిటి మొత్తంలో వచ్చే తేడా δ(1/u² − 1/v²). వర్గాల భేదాన్ని విడదీస్తే (1/u + 1/v)(1/u − 1/v) అవుతుంది, అందులో మొదటిది 1/f. కనుక తేడా (δ/f)(1/u − 1/v). ఇందులో వర్గాలేవీ మిగలలేదు. అందువల్ల రేఖ వంగదు, సరళరేఖగానే ఉండి వాలు మాత్రం మార్చుకుంటుంది:

```
వాలు ≈ −1 + 2δ/f
```

f స్థానంలో 20, వాలు స్థానంలో −0.960 పెడితే δ 0.4 సెంటీమీటర్లు. దాచిపెట్టిన 4 మిల్లీమీటర్లు బయటికొచ్చాయి. గ్రాఫు సరళరేఖగా వచ్చింది కాబట్టి ప్రయోగం బాగా జరిగింది అనే నమ్మకం ఎంత బలహీనమైందో ఇక్కడ తెలుస్తుంది. ఈ లోపం ఎంత ఉన్నా, చిన్నదిగా ఉన్నంతవరకు, గ్రాఫు సరళరేఖగానే వస్తుంది.

ఆ తేడా 1/u, 1/v సమానమైన చోట సున్నా అవుతుందని కూడా పై లెక్కే చెబుతోంది. అది u, v రెండూ 2f అయిన బిందువు, పట్టికలో 40.0, 40.0 ఉన్న వరస. రేఖ ఆ బిందువు చుట్టూ ఏతం దూలంలా తిరుగుతుంది: ఒక కొన ఎంత దిగితే రెండో కొన అంత లేస్తుంది. కాబట్టి నిలువు అక్షం మీద అంతరఖండం 4.899కి దిగితే, అడ్డ అక్షం మీద 4.899ని 0.960తో భాగించగా వచ్చే 5.103కి లేచింది. మొదటిది 20.41 సెంటీమీటర్లు చెబుతుంది, రెండోది 19.60. రెండు అంతరఖండాల సగటు 5.001 డయాప్టర్లు, అంటే 20.00 సెంటీమీటర్లు. లోపాన్ని సరిదిద్దకుండానే, అదెక్కడుందో వెతకకుండానే, సరైన జవాబు చేతికొస్తుంది. రెండు అక్షాల మీదా చదివి సగటు తీయమని పాత మాన్యువళ్లు చెప్పేది దండగ పని కాదు. దానికి కారణం చెప్పకపోవడమే లోటు.

అయితే వాలును −1 దగ్గర బిగించేసి, ప్రతి వరసలోనూ 1/u, 1/v కూడి సగటు తీస్తే సరిపోదా అని అడగొచ్చు. పై పట్టికలో ఆఖరి నిలువు వరస సగటు 5.000, జవాబు చక్కగా వచ్చింది. కానీ అది బిందువులు 2f కి అటూ ఇటూ సమంగా ఉన్నందువల్ల వచ్చింది. తెర దగ్గరగా ఉంటే ప్రతిబింబం చిన్నదై మెరుగ్గా కనిపిస్తుంది కదా అని u 50, 60, 80 దగ్గర మాత్రమే కొలిచి ఉంటే ఆ మూడింటి సగటు 4.965, నాభ్యంతరం 20.14. కాబట్టి సగటు తీయాలన్నా ముందు గ్రాఫు గీసి వాలు చూడాల్సిందే. పట్టికలోని మొత్తాలు పైనుంచి కిందికి వరసగా తగ్గుతూ పోవడం కూడా అదే హెచ్చరిక. యాదృచ్ఛిక దోషమైతే అవి పెరుగుతూ తగ్గుతూ ఉండాలి.

ఈ లోపాన్ని నిర్ధారించుకోవడానికి కటకం స్టాండును దాని గుర్తుతో సహా వెనక్కి తిప్పి, మళ్లీ నాలుగు కొలతలు తీస్తే చాలు. ఇప్పుడు గుర్తు తెర వైపుకి జరిగి ఉంటుంది, వాలు −1.04 దగ్గరికి పోవాలి. అలా పోతే అనుమానం తీరినట్టే. తిప్పినా −0.96 దగ్గరే ఉండిపోతే తప్పు కటకం స్టాండులో లేదు, వస్తువు స్టాండులోనో తెర స్టాండులోనో వెతకాలి. ఆ రెండిటిలో ఒక్క దూరమే తప్పుతుంది కాబట్టి రేఖ కొద్దిగా వంగుతుంది కూడా, కానీ ఏడు బిందువుల్లో ఆ వంపు కంటికి చిక్కడం కష్టం. తెలిసిన పొడవున్న అల్లికసూదిని స్టాండుల మధ్య పెట్టి, స్కేలు చూపే దూరంతో పోల్చి తేడా రాసుకునే ఇండెక్స్ కరెక్షన్ ఈ లోపాలన్నిటికీ మందే. సూది కొనలు తాకించడంలో వచ్చే తప్పు ఆ కరెక్షన్‌లోకీ చేరుతుంది గనక, దిద్దిన కొలతలతో గీసిన గ్రాఫులోనూ వాలు చూడటం మానకూడదు.

అనిశ్చితి విషయంలో ఇంకొకటి తిరగబడి కనిపిస్తుంది. తెర మీద ప్రతిబింబం స్పష్టంగా కనిపించే చోటు ఒక బిందువు కాదు, కొంత పట్టీ. తెరను ముందుకు జరిపి తీగల అంచు మసకబారే చోటు, వెనక్కి జరిపి మసకబారే చోటు రెండూ చదివి, మధ్య విలువను v గానూ సగం వెడల్పును అనిశ్చితిగానూ తీసుకోవడం నిజాయితీ గల పద్ధతి. v 27 దగ్గర ఆ సగం వెడల్పు 0.1 సెంటీమీటరు ఉంటే, v 94.5 దగ్గర కిరణాలు సన్నటి కోణంలో కలుస్తాయి గనక 0.4 దాకా ఉంటుంది. చూడగానే దూరపు కొలతే నమ్మలేనిది అనిపిస్తుంది. కానీ గ్రాఫులోకి వెళ్లేది 1/v. దాని అనిశ్చితి, v అనిశ్చితిని v వర్గంతో భాగించగా వచ్చేది. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చి 0.4ని 94.5 వర్గంతో భాగిస్తే 0.0045 డయాప్టర్లు, 0.1ని 27 వర్గంతో భాగిస్తే 0.0137. తెరను నాలుగు రెట్లు ఎక్కువగా అటూ ఇటూ జరపాల్సి వచ్చిన కొలతే నిలువు దిక్కున మూడు రెట్లు గట్టిది.

u విషయంలోనూ ఇదే వరస. స్కేలు చదవడంలో అర మిల్లీమీటరు తేడా u 25 దగ్గర 0.008 డయాప్టర్లు, 80 దగ్గర ఒక్క వెయ్యో వంతుకు లోపే. అందుకని అనిశ్చితిని చూపే ఎర్రర్ బార్లు అన్ని బిందువులకీ ఒకే పొడవున గీయడం తప్పు. రేఖ కుడి కొసన అడ్డ బార్లు పొడుగ్గా, ఎడమ కొసన నిలువు బార్లు పొడుగ్గా ఉండాలి. కాగితం మీద చేసేవారు ఈ బార్ల గుండా పోగలిగే అతి నిటారు రేఖనూ అతి చదును రేఖనూ గీసి, ఒక్కో రేఖకూ రెండు అక్షాల అంతరఖండాల సగటు తీసి, ఆ రెండు సగటుల మధ్య తేడాలో సగాన్ని 1/f అనిశ్చితిగా రాసుకోవచ్చు. LINEST అన్ని బిందువులనూ సమానంగా నమ్ముతుంది, u లో తప్పు లేదనుకుంటుంది. ఇక్కడ ఒక్కో బిందువు అడ్డ, నిలువు బార్లను కలిపి చూస్తే బిందువుల మధ్య వ్యత్యాసం పెద్దది కాదు గనక జవాబు పెద్దగా మారదు, కానీ ఆ ఊహ అందులో ఉందని గుర్తుంచుకోవాలి.

గ్రాఫు కాగితం మీద అంతరఖండం చదివేటప్పుడు జరిగే ఒక పెద్ద తప్పును ఇక్కడే చెప్పాలి. బిందువులు 1.25 నుంచి 4 దాకా ఉన్నాయి కాబట్టి కాగితం వృథా కాకుండా అడ్డ అక్షాన్ని 1 దగ్గర మొదలుపెడతారు. రేఖ ఎడమ అంచును తాకే చోటు అప్పుడు 3.94. అదే అంతరఖండం అనుకుంటే నాభ్యంతరం 25.4 సెంటీమీటర్లు. అక్షాలు రెండూ సున్నా నుంచే మొదలవ్వాలి, కాగితం సగం ఖాళీగా ఉన్నా సరే.

మరి ఈ ఉదాహరణలో తుది జవాబుకు ఎంత అనిశ్చితి రాయాలి? రేఖ తిరిగే బిందువు బిందువుల గుంపు మధ్యలోనే ఉంది. అక్కడ రేఖ ఎత్తు అంతరఖండం కన్నా చాలా గట్టిగా తెలుస్తుంది, కొసన 0.007 ఉన్న అనిశ్చితి మధ్యలో 0.0024 మాత్రమే. దాన్ని f లోకి మారిస్తే 0.01 సెంటీమీటరు. అయినా 20.00 ± 0.01 అని రాయడానికి లేదు, ఎందుకంటే వాలు పట్టుకోలేని లోపాలు రెండున్నాయి.

మొదటిది స్కేలు. స్కేలు మొత్తం పొడవే తప్పైతే u, v రెండూ ఒకే నిష్పత్తిలో మారతాయి, వాలు −1 దగ్గరే ఉంటుంది, f మాత్రం ఆ నిష్పత్తిలో తప్పుతుంది. చెక్క స్కేలు కొస అరిగిపోతే భయం లేదు, దూరాలన్నీ రెండు రీడింగుల తేడాలే. వానాకాలపు తేమకు చెక్క ఉబ్బేది ప్రధానంగా అడ్డంగానే, పొడవునా చాలా తక్కువ.

రెండోది కటకం మందం. u, v లను కటకం మధ్య నుంచి కొలుస్తున్నాం గానీ, సూత్రం వాటిని కటకం లోపలి రెండు ప్రధాన తలాల నుంచి కొలవమంటుంది. రెండు పక్కలా ఒకేలా ఉబ్బిన మామూలు గాజు కటకంలో ఆ తలాల మధ్య దూరం మందంలో సుమారు మూడో వంతు. 6 మిల్లీమీటర్ల మందానికి 2 మిల్లీమీటర్లు, అంటే u లోనూ v లోనూ చెరొక మిల్లీమీటరు ఎక్కువ చదువుతున్నాం. రెండూ ఒకే వైపుకి తప్పడం వల్ల ఏతం తిరగదు, రేఖ మొత్తం కిందికి దిగుతుంది, కొసల దగ్గర కొంచెం ఎక్కువగా. మధ్య బిందువు దగ్గర f అర మిల్లీమీటరు ఎక్కువగా, కొసల దగ్గర ఒక మిల్లీమీటరు ఎక్కువగా వస్తుంది. రెండు అంతరఖండాలూ కలిసే తప్పుతాయి కాబట్టి సగటు కూడా దీన్ని పోగొట్టదు. రికార్డులో 20.0 ± 0.1 సెంటీమీటర్లు అని రాసి, పక్కన వాలు −0.960 ± 0.003 అనీ, గుర్తు కటక కేంద్రానికి 4 మిల్లీమీటర్లు వస్తువు వైపున ఉందనీ రాయాలి. ఆ చివరి మాట ఉంటే తర్వాతి బ్యాచి అదే స్టాండును వాడేటప్పుడు u కి 0.4 కలిపి, v నుంచి 0.4 తీసేసి మొదలుపెట్టగలదు.